ఒకే బ్యాచ్ సహోద్యోగికి ప్రమోషన్: మెసేజ్ ఇలా రాయండి

“ఇద్దరం ఒకే బ్యాచ్. ఆయన డిప్యూటీ తహసీల్దార్ అయ్యారు, నేనింకా సీనియర్ అసిస్టెంట్‌నే. మనసారా అభినందించాలని ఉంది, ఏం రాసినా ఏడుపులా కనిపిస్తుందేమోనని టెన్షన్.” (కర్నూలు)

“మనిద్దరం ఒకేసారి చేరాం” అన్న మాట రాయకండి. మీకు ఆ ఉద్దేశం లేకపోయినా చదివేవారికి పోలికే కనిపిస్తుంది. “అదృష్టవంతులు” అంటే ఆయన పడిన కష్టం పక్కకు పోతుంది. ఆయన పనిలో మీరు కళ్లారా చూసిన ఒక్క సంగతి రాయండి, చాలు. ఉదాహరణకు:

“అన్నా, ఆర్డర్ చూశాను, చాలా సంతోషం. మే నెల ఎండలో పత్తికొండ నుంచి వచ్చిన పెద్దాయనకు కుర్చీ వేసి, పాస్‌బుక్‌లో తప్పుపడిన సర్వే నంబరును మీరే అడంగల్‌తో సరిచూసి అర్జీ రాయించారు. నాకింకా గుర్తుంది. అలాంటి మనిషి ఆ సీట్లో కూర్చుంటున్నారు. వదినకూ పిల్లలకూ నా శుభాకాంక్షలు చెప్పండి.”

నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు గ్రూపు నిండా పూలగుత్తుల బొమ్మలే వచ్చాయి. నేను దాచుకున్నది మాత్రం ఇలాంటి ఒక్క మెసేజే.

గ్రూపులో పెట్టేలోపే ఆయనకు విడిగా పంపండి. పదిమంది ముందు “సార్” అనండి, ఈ మెసేజ్‌లో మాత్రం ఎప్పటిలా “అన్నా” అనే ఉంచండి. పార్టీ మాట తర్వాత అడగొచ్చు.