అమ్మకు తెలుగులో, అబ్బాయికి ఇంగ్లీషులో

ప్రశ్న: అమెరికా వచ్చి కొద్ది నెలలే అయింది. విజిటర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రుల కోసం ఒక వ్యాసం రాసిపెట్టమని ఇక్కడి తెలుగు సంఘం వాళ్లు అడిగారు. తెలుగులో రాస్తే ఇక్కడ ఎవరూ చదవరని కొందరంటున్నారు. ఇంగ్లీషులో రాస్తే మా అమ్మకే అర్థం కాదు. ఏం చేయమంటారు?

జవాబు: ఎవరు చదువుతారన్నది కాసేపు పక్కన పెట్టండి. చదివాక ఎవరు ఏ పని చేయాలో చూడండి. ఇమిగ్రేషన్ ఆఫీసరు ముందు నిలబడేది అమ్మ. ఆ సమయంలో అబ్బాయి పక్కన ఉండడు, బయట ఎదురుచూస్తుంటాడు. ఇంటికొచ్చాక వెబ్‌సైటు తెరిచి తేదీ చూసేది, అవసరమైతే ఫారం నింపేది అబ్బాయో కోడలో. కాబట్టి మీకు రెండు భాషలూ కావాలి. అయితే ఒకే వ్యాసాన్ని రెండుసార్లు రాయొద్దు. రెండు వేర్వేరు వ్యాసాలు రాయండి.

తెలుగు వ్యాసంలో అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. పాస్‌పోర్టులో వీసా పదేళ్లకు ఉంటే, పదేళ్లు ఉండిపోవచ్చని కాదు. ఆ పదేళ్లలో ఎప్పుడైనా వచ్చి లోపలికి రానివ్వమని అడగొచ్చని మాత్రమే. ఈసారి ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఎయిర్‌పోర్టులోని ఆఫీసరు. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఇది పెద్దవాళ్లకు సొంతంగా అర్థం కావాలి, ఎందుకంటే ఎవరి దగ్గరికి వచ్చారు, ఎన్నాళ్లుంటారు అని అడిగేది వాళ్లనే. ‘అధీకృత నివాస కాలపరిమితి’ లాంటి మాటలు పెట్టకండి. ‘ఫలానా తేదీలోపు వెళ్లిపోవాలి’ అంటే చాలు.

ఆ తెలుగు వ్యాసంలోనే ఒక చిన్న ముక్క మాత్రం ఇంగ్లీషులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. అబ్బాయి పేరు, ఇంటి అడ్రసు, ఫోను నంబరు, ‘నాకు తెలుగే వచ్చు, ఇంటర్‌ప్రిటర్ కావాలి’ అన్న వాక్యం. దాన్ని చదవాల్సింది ఆఫీసరు. అమ్మ ఆ కాగితం చూపిస్తే చాలు. ఈ ముక్క లేక కంగారుపడిన పెద్దవాళ్ల గురించి విన్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక ఇంగ్లీషు వ్యాసం. దేశంలోకి అడుగుపెట్టాక i94.cbp.dhs.gov లో అమ్మ వివరాలు ఇస్తే Admit Until Date అని ఒక తేదీ కనిపిస్తుంది. చూసుకోవాల్సింది దాన్నే, వీసా మీది తేదీని కాదు. ఇంకొన్నాళ్లు ఉండాల్సి వస్తే ఆ తేదీ దాటకముందే I-539 ఫారం పంపాలి. కనీసం 45 రోజుల ముందు పంపమని, ఈ ఫారాలు చూసే ప్రభుత్వ సంస్థ USCIS సలహా. అనుమతి లేకుండా తేదీ దాటిపోతే ఆ వీసా చెల్లకుండా పోతుంది. Admit Until Date, I-539 లాంటి పేర్లను ఏ భాషలో రాసినా తెర మీద ఉన్నట్టే ఉంచండి. మార్చి రాస్తే వెతికేవాళ్లకు దొరకవు.

తేదీల దగ్గర జాగ్రత్త. 05/06 అని రాస్తే అమ్మకు అది జూన్ 5, ఇక్కడ పెరిగిన మనవడికి మే 6. రెండు వ్యాసాల్లోనూ నెల పేరు రాయండి.

ఫీజులు ఇంగ్లీషు వ్యాసంలోనే పెట్టండి, తెలుగులో వద్దు. 2024 ఏప్రిల్ 1న USCIS ఫీజులు మారాయి, మళ్లీ మారతాయి. తెలుగు వ్యాసం వాట్సాప్‌లో చేతులు మారుతూ ఏళ్ల తరబడి తిరుగుతుంది, దాన్ని మీరు వెనక్కి తెచ్చుకోలేరు. అందులో ఏళ్లు గడిచినా నిలిచేవే ఉండనివ్వండి.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయమని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. రెండు ముక్కల మెసేజీకి సరే. ఇంత పొడుగు వ్యాసాన్ని అలా చదవడం అమ్మకు కష్టం, మనవడికీ కష్టమే. తెలుగు మాట్లాడగలిగి చదవలేని పిల్లలకు మీరే తెలుగు వ్యాసం చదివి ఆడియో పంపడం మేలు. దక్షిణాఫ్రికాలో తరాల కిందట స్థిరపడిన తెలుగు కుటుంబాల కోసం రాస్తున్నట్టయితే నా జవాబు వేరుగా ఉండేది. అక్కడ చాలా ఇళ్లలో పెద్దవాళ్ల భాష కూడా ఇంగ్లీషే. అక్కడ ఇంగ్లీషు ఒక్కటే సరిపోతుంది.

రాశాక, త్వరలో బయల్దేరబోతున్న ఒక పెద్దావిడకు తెలుగు వ్యాసం పంపండి. చదివాక ఫోన్ చేసి, ‘ఆఫీసరు ఎన్నాళ్లుంటారంటే ఏం చెబుతారు పిన్నీ?’ అని అడగండి. ‘పదేళ్ల వీసా ఉంది కదా బాబూ’ అన్నారంటే ఆ పేరా మళ్లీ రాయాలి. ఇంగ్లీషు వ్యాసాన్ని ఆవిడ అబ్బాయికి పంపి, ఆ తేదీ ఎక్కడ కనిపిస్తుందో అడగండి.