రెండు గంటల రైలు వీడియోలో బొర్రా స్టేషన్ ఒక్క నొక్కులో దొరకాలంటే

ప్రశ్న: గంట దాటిన ప్రయాణ వీడియోలు యూట్యూబ్‌లో పెడుతున్నాను. డిస్క్రిప్షన్‌లో సమయాలు రాసినా బార్ మీద చాప్టర్లు కనబడడం లేదు. వాటిని పిన్ చేసిన కామెంట్‌లో పెడితే సరిపోతుందా అండీ? వెతికేవాళ్లకు నా వీడియో దొరకాలంటే డిస్క్రిప్షన్‌లో ఏం రాయాలి?

జవాబు: నేను విశాఖపట్నంలో ఉంటాను. విశాఖ నుంచి అరకు వరకు రైలు కిటికీ పక్కన కూర్చుని తీసిన వీడియో ఒకటి నా ఛానెల్‌లో ఉంది. దాని నిడివి 2 గంటల 12 నిమిషాలు. మీకు ఎదురైన ఇబ్బందే నాకూ ఆ వీడియోతో ఎదురైంది కాబట్టి, దాని సంగతే చెబుతాను.

మొదటిసారి నేను సమయాలన్నీ శ్రద్ధగా రాసుకున్నాను గానీ, మొదట నలభై సెకన్ల పాటు ఛానెల్ పేరు, సంగీతం ఉన్నాయి కదా అని జాబితాను 0:40తో మొదలుపెట్టాను. నొక్కితే సమయాలు పని చేశాయి, కానీ బార్ మీద ఒక్క గీత కూడా పడలేదు. కారణం చిన్నదే: జాబితాలోని మొదటి సమయం 0:00 అయి తీరాలి. కనీసం మూడు సమయాలు ఉండాలి, అవి చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పెరగాలి, ఒక్కో చాప్టరు పది సెకన్లకు తగ్గకూడదు. ఈ చివరి నియమం కూడా నన్ను పట్టుకుంది. ఘాట్‌లో సొరంగాలు ఒకదాని వెనుక ఒకటి వస్తుంటే ప్రతిదానికీ ఒక సమయం వేశాను, వాటిలో రెండింటి మధ్య ఆరు సెకన్లే ఉన్నాయి. ఒక్క చోట నియమం తప్పితే ఆ చాప్టరు ఒక్కటే పోతుందని అనుకున్నాను, కానీ చాప్టర్లన్నీ మాయమయ్యాయి. ఇవన్నీ సరిగా ఉన్నా రాకపోతే, ఛానెల్ మీద స్ట్రైక్ ఏదైనా నడుస్తోందేమో చూడండి, ఆ కాలంలో ఈ సౌకర్యం ఉండదు.

మనవాళ్లు రైళ్ల వీడియోల్లో తరచుగా చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. రైలు బయలుదేరే వేళను డిస్క్రిప్షన్‌లో 6:45 అని రాస్తే యూట్యూబ్ దాన్ని గడియారపు వేళగా కాక వీడియోలోని సమయంగా తీసుకుని, నీలిరంగు లింకుగా మార్చేస్తుంది. చాప్టర్ల వరుసను కూడా అది చెడగొట్టే ప్రమాదం ఉంది. అందుకే వేళలను “ఆరు ముప్పావుకు” అనో, “6 గంటల 45 నిమిషాలకు” అనో రాయండి. సమయాలను చుక్కలతో 1.10.05 అని రాయడం కూడా మానుకోవాలి, మధ్యలో కోలన్ గుర్తే ఉండాలి.

ఇప్పుడు నా డిస్క్రిప్షన్‌లోని జాబితా ఇలా ఉంది:

```
0:00 విశాఖ స్టేషన్, ఏ వైపు సీటు మంచిది
14:20 పెందుర్తి, కొత్తవలస
52:40 బొద్దవర దాటాక ఘాట్ మొదలు
1:10:05 టైడా, వరుస సొరంగాలు
1:31:50 బొర్రా గుహలు స్టేషన్ Borra Caves
1:58:30 శిమిలిగుడ నుంచి అరకు Araku
```

సమయం, దాని పేరు ఒకే వరుసలో ఉండాలి, ఒక్కో చాప్టరుకు ఒక్కో వరుస. గూగుల్‌లో వెతికినప్పుడు వీడియో కింద “కీ మూమెంట్స్”గా కనబడే అవకాశం ఈ వరుసల నుంచే వస్తుంది, కనబడి తీరుతుందన్న హామీ మాత్రం లేదు. పేర్ల విషయంలో నా మొదటి జాబితా చాలా పేలవంగా ఉండేది: “సొరంగం 1”, “సొరంగం 2”, “అందమైన లోయ”. వాటిని ఎవరూ వెతకరు. యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్ తెరిచి, వీక్షకులు ఎక్కడి నుంచి వచ్చారో చూపే చోట యూట్యూబ్ సెర్చ్ మీద నొక్కితే, వాళ్లు టైప్ చేసిన మాటలే కనబడతాయి. నా వీడియోకు వచ్చినవాళ్లలో చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. అందుకే ముఖ్యమైన రెండు స్టేషన్ల దగ్గర మాత్రం రెండు లిపుల్లోనూ పేరు పెట్టాను. అన్నింటికీ అలా చేస్తే ఫోన్ తెరమీద పేరు సగంలోనే తెగిపోతుంది.

ఇక నా అసలు తప్పుకు వస్తాను. వీడియో పెట్టిన మూడు వారాలకు, మొదట్లో ప్లాట్‌ఫాం మీద నడిచిన భాగం విసుగ్గా ఉందనిపించి, స్టూడియోలోని ఎడిటర్‌తో 1 నిమిషం 40 సెకన్లు కోసేశాను. వీడియో చిన్నదైంది, డిస్క్రిప్షన్‌లోని సమయాలు మాత్రం పాతవే మిగిలాయి. చాప్టర్లు బార్ మీద చక్కగానే కనబడుతున్నాయి కాబట్టి నాకు అనుమానం రాలేదు. కొన్నాళ్లకు ఒకాయన, “గురువుగారూ, బొర్రా అని నొక్కితే రైలు స్టేషన్ వదిలి వెళ్లిపోతోంది” అని కామెంట్ పెట్టారు. అప్పుడు బొర్రా సమయం 1:33:30గా ఉంది, అందులోంచి 1:40 తీసేస్తే 1:31:50. మొదటి 0:00 తప్ప మిగిలిన ప్రతి వరుసలోనూ అంతే తగ్గించి సరిచేశాను. కోత మధ్యలో పడితే దాని తర్వాతి వరుసలే మారతాయి. యూట్యూబ్ ఈ లెక్క మన కోసం చెయ్యదు. కోసిన మార్పు తయారై బయటికి రావడానికి గంటలు పట్టవచ్చు, అంతవరకు చూసేవాళ్లకు పాత వీడియోనే కనబడుతుంది. కాబట్టి కొత్తది వచ్చిందని చూసుకున్నాకే సమయాలు మార్చండి, ఆ తర్వాత ఒక్కో చాప్టరునూ ఫోన్‌లో నొక్కి చూడండి.

పిన్ చేసిన కామెంట్ సంగతి. అందులో సమయాలు రాస్తే నొక్కడానికి పనికొస్తాయి గానీ, బార్ మీద చాప్టర్ల కోసం వాటిని డిస్క్రిప్షన్‌లోనే పెట్టాలి. పిన్ చేయగలిగేది ఒక్క కామెంటే కాబట్టి, దాన్ని జాబితాకు ఖర్చు పెట్టడం నాకు వృథాగా అనిపిస్తుంది. నా వీడియో కింద పదేపదే అడిగేది ఒకటే: “అన్నా, ఏ వైపు కూర్చోవాలి?” పిన్ చేసిన కామెంట్‌లో మొదటి మాటగా, అరకు వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే లోయలు బాగా కనబడతాయని రాసి, ఆ సంగతి కనబడే చోటికి ఒక సమయం ఇచ్చాను. ఆ కింద వీడియో తీసిన నెల, సంవత్సరం రాసి, రైలు వేళలు మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు సరిచూసుకోమని చెప్పాను. ఆ తర్వాత అదే ప్రశ్న రావడం బాగా తగ్గింది. పూర్తిగా ఆగలేదు, ఎందుకంటే కామెంట్ల భాగం తెరవకుండానే అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

డిస్క్రిప్షన్‌కు ఐదు వేల అక్షరాల వరకు చోటుంది, అయినా తెరవకుండా కనబడేది మొదటి ఒకటి రెండు వరుసలే. నేను అక్కడ ఇంతకుముందు “అందరికీ నమస్కారం, మన ఛానెల్‌కు స్వాగతం” అని రాసి, కింద మా ఇతర వీడియోల లింకులు వరుసగా పేర్చేవాణ్ణి. ఇప్పుడు మొదటి వాక్యం ఇదీ: “విశాఖపట్నం నుంచి కొత్తవలస, బొర్రా గుహల మీదుగా అరకు వరకు రైలు ప్రయాణం, కిటికీలోంచి.” తర్వాత రెండు మూడు మామూలు వాక్యాల్లో దారి, దాటే ఊళ్లు, ఏం కనబడుతుందో చెప్పి, ఆ కింద చాప్టర్లు పెట్టాను. లింకులన్నీ అడుగుకు వెళ్లాయి. ఊళ్ల పేర్లను కామాలతో గుంపుగా కుక్కే పని చెయ్యకండి, వీడియోలో లేని ఊరి పేరు చూసి వచ్చినవాళ్లు నిమిషంలోనే వెళ్లిపోతారు. ట్యాగ్‌ల మీద నేను ఎక్కువ సమయం పెట్టను, పేర్లను జనం తప్పుగా టైప్ చేసే రూపాలు రెండు మూడు వేసి వదిలేస్తాను.

చాప్టర్లు పెడితే జనం ముక్కలు చూసి వెళ్లిపోతారని నాకూ భయముండేది. రిటెన్షన్ గ్రాఫ్‌లో బొర్రా దగ్గర ఇప్పుడు ఒక ఎత్తు కనబడుతుంది, నేరుగా అక్కడికి దూకేవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే వాళ్లలో కొందరు అక్కడి నుంచి అరకు దాకా కూర్చుంటున్నారని ఆ తర్వాతి గీత నెమ్మదిగా దిగడం చూస్తే తెలుస్తోంది. ముందు మీ జాబితాలో మొదటి వరుస 0:00గా ఉందో లేదో చూడండి, ఆ తర్వాత డిస్క్రిప్షన్‌లో రైలు వేళ ఏదైనా కోలన్‌తో రాశారేమో వెతకండి.