చపాతీ క్యాలరీలు: తూచవలసింది పిండిని, ఉండను, నెయ్యి గిన్నెను

ప్రశ్న: మాది కాజీపేట. నాన్నగారికి రాత్రి పూట అన్నం మాన్పించి చపాతీ పెడుతున్నాం. ఒక్కో చపాతీకి ఎన్ని క్యాలరీలో రాసి తెమ్మని డాక్టరు గారు అడిగారు. ఒక యాప్‌లో 70 అని ఉంది, ఇంకో యాప్‌లో 120 అని ఉంది. పిండి తూచి కలపగలను, కానీ ముద్దగా ఉన్నప్పుడు తూచాలా, కాల్చాక తూచాలా? పైన రాసే నెయ్యిని ఎలా లెక్కించాలి?

జవాబు:

మాది హనుమకొండ. మా మామగారి కోసం నేనూ ఇదే లెక్క చాలాకాలంగా వేస్తున్నాను కాబట్టి ఇంట్లో జరిగే తీరునే చెబుతాను.

ముందుగా యాప్‌లలోని అంకెలను పక్కన పెట్టండి. అవి రెండూ తప్పని కాదు. 70 అన్నది నెయ్యి లేని పలుచని చిన్న చపాతీకి సరిపోతుంది, 120 అన్నది నెయ్యి రాసిన ఓ మాదిరి చపాతీకి సరిపోతుంది. మీ ఇంటి చపాతీ ఎంతదో ఆ యాప్‌కు తెలియదు.

ఈ లెక్కకు ఆధారం పొడి పిండి బరువు. నీళ్లలో క్యాలరీలు ఉండవు. పిండిలో నీళ్లు పోస్తే ముద్ద బరువు పెరుగుతుంది, పెనం మీద ఆవిరి పోతే చపాతీ బరువు తగ్గుతుంది. ఈ రెండుసార్లూ పిండి నుంచి వచ్చే క్యాలరీలు మాత్రం మారవు. అందుకే నీళ్లు పోయకముందే పిండిని తూచాలి. గిర్నీలో పట్టించిన పిండిని జల్లించే అలవాటు ఉంటే, తవుడు తీసేశాక తూచండి.

100 గ్రాముల పిండికి ఎన్ని క్యాలరీలన్నది ప్యాకెట్ వెనక పట్టికలో ఉంటుంది. ఎక్కువ ప్యాకెట్ల మీద 340 నుంచి 360 మధ్య కనిపిస్తుంది. అక్కడ కిలో క్యాలరీలు అని రాసి ఉన్నా, మనం మామూలుగా క్యాలరీలు అనేది వాటినే. గిర్నీ పిండికి పట్టిక ఉండదు. దానికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ అంకెలు వాడుకోవచ్చు. 2017లో ఆ సంస్థ వెలువరించిన పట్టికల్లో గోధుమ పిండికి 100 గ్రాములకు సుమారు 320 ఉంది, అంతకుముందటి పాత పట్టికల్లో 341 ఉండేది. పిండిలోని పీచును లెక్కలోకి తీసుకునే పద్ధతి మారడం వల్ల వచ్చిన తేడా ఇది. గోధుమలేమీ మారిపోలేదు. ఒక్కో చపాతీకి పది క్యాలరీల కంటే ఎక్కువ తేడా రాదు కాబట్టి ఏదో ఒక అంకెను ఎంచుకుని, చివరిదాకా దానితోనే లెక్కించండి. నేను 350 తీసుకుంటాను, మేము వాడే ప్యాకెట్ మీద ఉన్నది అదే.

ఇప్పుడు మా ఇంట్లో ఒక పూట లెక్క చూడండి. పొడి పిండి 240 గ్రాములు. 100కు 350 చొప్పున 840 క్యాలరీలు. ముద్ద మెత్తగా ఉండాలని కలిపేటప్పుడు ఒక చెంచా నూనె వేస్తాం, అది 5 గ్రాములు. నూనెకైనా నెయ్యికైనా గ్రాముకు 9 క్యాలరీలు, కాబట్టి ఇది 45. మొత్తం 885. నీళ్లు 150 గ్రాముల దాకా పడతాయి. కలిపిన ముద్దను తూస్తే 390 గ్రాములు వచ్చింది. కూడితే 395 రావాలి, మిగతా కొద్దిపాటి పిండి చేతికీ పళ్లానికీ అంటుకుని ఉంటుంది. దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఈ ముద్దను పది ఉండలు చేస్తే ఒక్కోటి 39 గ్రాములు, ఒక్కోదానికి 88 లేదా 89 క్యాలరీలు. అయితే చేత్తో తుంచిన ఉండలు అన్నీ ఒకే బరువుండవు. మా అత్తగారు ఎన్నో ఏళ్లుగా చపాతీలు చేస్తున్నారు. ఆవిడ తుంచిన వాటిలోనూ 34 గ్రాములదీ ఉంటుంది, 45 గ్రాములదీ ఉంటుంది. 885ను 390తో భాగిస్తే ముద్దలో గ్రాముకు 2.27 క్యాలరీలు. అంటే చిన్న ఉండకు 77, పెద్ద ఉండకు 102. నెయ్యి పడకముందే ఇంత తేడా. మీ నాన్నగారు తినేవి రెండే అయితే ఆ రెండు ఉండలను మాత్రం తూచి, సమానం చేసి, విడిగా పెట్టుకోండి. మిగతావి ఎలా ఉన్నా ఫరవాలేదు.

కాల్చాక తూచాలా అన్నారు. తూచి, ఆ బరువును పొడి పిండి అంకెతో గుణిస్తే లెక్క చెడిపోతుంది. 39 గ్రాముల ఉండ కాలాక మా పెనం మీద 32 గ్రాములకు వస్తుంది. 32ను 3.5తో గుణిస్తే 112. పచ్చి ఉండ బరువునే గుణిస్తే 136. నెయ్యి లేకుండా, ఒత్తేటప్పుడు అద్దే పొడి పిండితో కలిపి అసలు ఉన్నది 90 పైచిలుకు. పైగా ఒక చపాతీ కాస్త ఎక్కువ కాలితే 29 గ్రాములకే దిగుతుంది, క్యాలరీలు మాత్రం తగ్గవు. యాప్‌లో గ్రాములు నింపేటప్పుడు చాలామందికి అంకె ఎక్కడెక్కడికో పోవడానికి కారణం ఇదే: పొడి పిండి అని ఉన్న చోట ముద్ద బరువో, చపాతీ బరువో రాసేస్తారు. మీకు వచ్చిన అంకె సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. అన్ని చపాతీల క్యాలరీలు కూడితే, మొదట తూచిన పిండి, అద్దిన పొడి పిండి, నూనె, నెయ్యి క్యాలరీల మొత్తానికి సరిపోవాలి. మించిందంటే ఎక్కడో నీళ్లకు కూడా క్యాలరీలు కట్టినట్టే.

పొడి పిండి అద్దుతాం కదా, దానికీ లెక్క ఉంది. ఒత్తే ముందు పొడి పిండి గిన్నె 70 గ్రాములుంటే, అయ్యాక 52 వచ్చింది. పీట మీదా చుట్టుపక్కలా రాలినది ఊడ్చి తూస్తే 6 గ్రాములు. మిగిలిన 12 గ్రాములు చపాతీలకు పట్టాయి. అంటే 42 క్యాలరీలు, ఒక్కోదానికి నాలుగు. ఒకసారి ఇలా చూసుకుంటే చాలు, తర్వాత నాలుగో ఐదో కలుపుకుంటూ పోవచ్చు.

అసలు కష్టం నెయ్యి దగ్గరే.

చపాతీ మీద రాసే నెయ్యి మామూలుగా రెండు మూడు గ్రాములే. ఇంట్లో వాడే తూకం యంత్రం గ్రాము కంటే చిన్నది చూపదు. చపాతీని దాని మీద పెట్టి నెయ్యి రాస్తే ఒకసారి 2 అంటుంది, మరోసారి 3 అంటుంది, నెమ్మదిగా రాస్తే ఒక్కోసారి కదలనే కదలదు. మూడు గ్రాములకు ఒక గ్రాము తేడా వస్తే మూడో వంతు తప్పు. కాబట్టి చపాతీని కాకుండా నెయ్యి గిన్నెను తూచండి. గిన్నెను చెంచాతో సహా తూచి అంకె రాసుకోండి. చపాతీలన్నింటికీ రాయడం అయ్యాక, అదే చెంచాతో మళ్లీ తూచండి. మా ఇంట్లో ఆ పూట 214 ఉన్నది 184కు వచ్చింది. 30 గ్రాములు, 270 క్యాలరీలు, పది చపాతీలకు ఒక్కోదానికి 27. ఇక్కడ యంత్రం ఒక గ్రాము తప్పు చూపినా పది చపాతీల మీద పంచుకుపోతుంది.

చెంచాలతో కొలుద్దామంటే కుదరదు. 5 మిల్లీలీటర్ల కొలత చెంచా నిండా కరిగిన నెయ్యి నాలుగున్నర గ్రాములు, 40 క్యాలరీలు. కానీ డిసెంబరులో మన దగ్గర నెయ్యి గడ్డ కడుతుంది. అప్పుడు చెంచాతో తీస్తే గుట్టగా లేస్తుంది, అదే చెంచాకు ఏడెనిమిది గ్రాములు వచ్చేస్తుంది. వేడి చపాతీ మీద అది కరిగి లోపలికి ఇంకిపోయి, కంటికి తక్కువే రాసినట్టు కనిపిస్తుంది. మా మామగారి లెక్క చలికాలంలో పెరిగింది అక్కడే. ఇప్పుడు ముందుగా గిన్నెను వేడి నీళ్లలో ఉంచి, నెయ్యి కరిగాకే రాస్తున్నాం. చెంచా వెనక వైపుతో మధ్య నుంచి అంచులకు రాస్తే సగం నెయ్యితోనే చపాతీ అంతా తడుస్తుంది.

ఇంకో సంగతి. నెయ్యి రాసిన చపాతీలను ఒకదాని మీద ఒకటి పేర్చితే పైదాని నెయ్యి కిందిదానికి అంటుతుంది, అడుగున వేసిన గుడ్డ కూడా కొంత పీల్చుకుంటుంది. అందరూ నెయ్యి చపాతీలే తింటే సగటు అంకె సరిపోతుంది. మీ నాన్నగారికి నెయ్యి లేకుండా పెట్టాలంటే మాత్రం ఆయన చపాతీలను ఆ దొంతరలో కలపకండి, వేరే గిన్నెలో మూత పెట్టండి. మడతలు వేసి మధ్యలో నూనె రాసే చపాతీలైతే, ఆ నూనె గిన్నెను కూడా ముందూ వెనకా ఇలాగే తూచాలి. పెనం మీద వేసే నూనె కూడా ఆ గిన్నెలోంచే తీసుకుంటే ఒకే తూకంతో పోతుంది.

మొత్తం కూడితే 885, 42, 270 కలిపి 1,197. ఒక్కో చపాతీకి దాదాపు 120, నెయ్యి లేకపోతే 93. డాక్టరు గారికి ఈ రెండు అంకెలూ విడివిడిగా చూపించండి, పక్కనే ఒక్కో చపాతీలో పొడి పిండి 25 గ్రాములని కూడా రాయండి. మీ నాన్నగారికి షుగర్ కూడా ఉంటే ఈ 25 గ్రాముల అంకె చాలా అవసరం. ఎందుకంటే రక్తంలో చక్కెరను ప్రధానంగా పెంచేది పిండి, నెయ్యి కాదు. నెయ్యి వల్ల క్యాలరీలు పెరుగుతాయి. ఏది తగ్గించాలో చెప్పాలంటే డాక్టరుకు రెండూ విడిగా కనిపించాలి.

118 అనో 123 అనో తేల్చుకోవాలని పట్టుబట్టకండి. ప్యాకెట్ మీది అంకె కూడా సగటే, ఇంట్లో తూకంలో కొంత తేడా ఎలాగూ ఉంటుంది. పదో వంతు అటూ ఇటూగా ఉందనుకోండి, ఈ అవసరానికి అది చాలు. రోజూ ఇంత తూచనక్కర్లేదు కూడా. పిండి ప్యాకెట్ మారినప్పుడు, చలికాలం మొదలైనప్పుడు, నెయ్యి రాసే మనిషి మారినప్పుడు ఒకసారి మళ్లీ తూచండి. మా ఆడపడుచు వచ్చి నాలుగు రోజులున్నప్పుడు నెయ్యి గిన్నె తూకం చపాతీకి 3 గ్రాముల నుంచి 5 గ్రాములకు పోయింది, అంటే ఒక్కోదానికి 18 క్యాలరీలు ఎక్కువ.