షాపు ఓనరుకి అక్రూడ్ లయబిలిటీస్, డిఫర్డ్ రెవెన్యూ తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా మామయ్యకి వాటర్ ప్యూరిఫయర్ల షాపు ఉంది. ఓవర్‌డ్రాఫ్ట్ రెన్యువల్‌కి బ్యాంకువాళ్లు బ్యాలెన్స్ షీట్ అడిగారు. ఆడిటర్ ఇచ్చిన షీట్‌లో అక్రూడ్ లయబిలిటీస్, డిఫర్డ్ రెవెన్యూ అని రెండు లైన్లున్నాయి. "నేను చేయని అప్పులు ఎందుకు రాశారు?" అని మామయ్య గొడవ. నెట్‌లో చూస్తే "సంచిత బాధ్యతలు", "వాయిదా వేసిన ఆదాయం" అని ఉంది. అవి చదివి చెబితే ఇంకా కన్ఫ్యూజ్ అయ్యారు. ఎలా చెప్పాలి?

జవాబు:

ముందు ఆ రెండు మాటలూ పక్కన పెట్టేయండి. "వాయిదా" అనగానే షాపులో ఎవరికైనా కిస్తీలే గుర్తొస్తాయి. అంటే కస్టమర్ డబ్బు తర్వాత కడతాడని మామయ్య అనుకుంటారు. అసలు విషయం దానికి పూర్తిగా తిరగబడి ఉంది, కస్టమర్ ముందే కట్టేశాడు. ఇక "సంచిత", "పేరుకున్న" అంటే ఏళ్ల తరబడి కట్టకుండా వదిలేసిన బాకీలా వినిపిస్తుంది. ఆ లైన్లో ఉన్నదేమో వచ్చే వారం మామూలుగా కట్టేసే జీతాలు, కరెంటు బిల్లు.

నేను విజయవాడలో చిన్న షాపులకి లెక్కలు రాస్తాను. వాటిలో మీ మామయ్య లాంటి వ్యాపారమే చేసే షాపులూ ఉన్నాయి. ఓనర్లతో మాట్లాడేటప్పుడు నేను వాడేవి ఇవి: అక్రూడ్ లయబిలిటీస్‌కి "వాడేసుకున్నాం, ఇంకా కట్టలేదు", డిఫర్డ్ రెవెన్యూకి "డబ్బు తీసుకున్నాం, పని ఇంకా ఉంది". కాగితం మీద రాయాలంటే మొదటిదానికి కామర్స్ పుస్తకాల్లో ఉన్న "చెల్లించవలసిన ఖర్చులు" చక్కగా సరిపోతుంది. రెండోదానికి అదే పుస్తకాల్లో ఉన్న "ముందుగా వచ్చిన ఆదాయం" మాత్రం నాకు నచ్చదు. పేరులోనే ఆదాయం ఉంటే, దాన్ని అప్పుల వైపు ఎందుకు వేశారని ఓనరు అడగడం న్యాయమే కదా. "చేయాల్సిన సర్వీసుకి తీసుకున్న అడ్వాన్స్" అని రాయండి. లైన్ పొడుగైనా ఫర్వాలేదు.

"అప్పు" అన్న మాట కూడా అక్కడ మానేయండి. పుస్తకం భాషలో లయబిలిటీ అంటే అప్పు. షాపులో అప్పు అంటే ఎవరి దగ్గరో చెయ్యి చాచడం. మామయ్యకి కోపం వచ్చింది అక్కడే. ఆ వైపుకి "మనం ఇవ్వాల్సినవి" అని పేరు పెడితే సగం గొడవ తగ్గుతుంది. ఇవ్వాల్సింది డబ్బే కానక్కర్లేదు, పని కూడా కావచ్చు.

ఇక అంకెలతో చెబుతాను. ఒక షాపు లెక్కల్ని గుండ్రంగా చేసి రాస్తున్నా.

ఆ షాపులో ముగ్గురు పనివాళ్లు. అందరి జీతం కలిపి నెలకి 39,000. మార్చి నెల జీతం ఏప్రిల్ 5న ఇస్తారు. మార్చి 31 రాత్రి షట్టర్ దించేసరికి వాళ్లు నెలంతా పని చేసేశారు, డబ్బు మాత్రం ఇంకా మన దగ్గరే ఉంది. ఆ 39,000 ఖర్చు మార్చిదే, కట్టేది ఏప్రిల్లో. కరెంటుది కొంచెం తిరకాసు. రీడింగ్ మార్చి 8న తీశారు, మళ్లీ ఏప్రిల్ 8న తీసి 31 రోజులకి 6,200 బిల్లు ఇచ్చారు. రోజుకి 200 పడింది. అందులో మార్చి 9 నుంచి 31 దాకా 23 రోజులు, అంటే 4,600 పాత సంవత్సరానిది. మిగతా 1,600 కొత్త సంవత్సరానిది. రెండూ కలిపితే 43,600. షీట్‌లో అక్రూడ్ అని కనిపించేది ఈ అంకే.

"మరి డిస్ట్రిబ్యూటర్‌కి ఇవ్వాల్సింది కూడా ఇందులోనేనా?" అని మామయ్య అడుగుతారు. కాదు. సరుకు వచ్చి, బిల్లు చేతికొచ్చి, కట్టాల్సింది సరుకు బాకీ. దానికి వేరే లైన్ ఉంటుంది. ఇక్కడ సాధారణంగా మార్చి 31 నాటికి మన చేతిలో బిల్లు ఉండదు, వాడకం మాత్రం అయిపోయి ఉంటుంది. ఇంకో మాట కూడా చెప్పండి: ఈ లైన్లో ఉన్నంత మాత్రాన కట్టడం ఆలస్యమైందని కాదు. బ్యాంకువాళ్లే వడ్డీని "గడువు ఇంకా రానిది", "గడువు వచ్చీ కట్టనిది" అని విడదీసి చూస్తారు. వాళ్లకి టెన్షన్ రెండోదాంతోనే.

అసలు గొడవంతా ఏఎంసీల దగ్గర, అంటే ఏడాది సర్వీసు కాంట్రాక్టుల దగ్గర వస్తుంది, అందుకే అక్కడ కాస్త ఓపిగ్గా చెప్పాలి. ఒక కస్టమర్ డిసెంబర్ 1న ఏడాది ఏఎంసీ తీసుకున్నాడు. 3,600, దాని మీద 18 శాతం జీఎస్టీ 648, మొత్తం 4,248 కట్టాడు. ఆ 648 మనది కాదు, ప్రభుత్వానిది, దాన్ని పక్కన పెట్టండి. 3,600ని పన్నెండు నెలలకి పంచితే నెలకి 300. మార్చి 31కి నాలుగు నెలలు గడిచాయి కాబట్టి 1,200 మనం సంపాదించినట్టు. మిగతా 2,400కి ఇంకా ఎనిమిది నెలలు సర్వీసు చేయాలి.

ఇక్కడ ఓనర్లు అడిగేది ఒకటే: "డబ్బు నా అకౌంట్లో ఉందయ్యా, నేను ఇవ్వాల్సింది ఎలా అవుతుంది?" నేను తిరిగి అడుగుతాను: "ఏప్రిల్ 1న మీరు సర్వీసు మానేస్తానంటే ఆ కస్టమర్ ఊరుకుంటాడా? ఎంత వెనక్కి అడుగుతాడు?" చాలామంది ఒక్క క్షణం ఆలోచించి, మిగిలిన నెలల డబ్బు అడుగుతాడని వాళ్లే అంటారు. ఆ జవాబే డిఫర్డ్ రెవెన్యూ. బ్యాంకు బ్యాలెన్స్‌లో డబ్బూ ఉంది, ఇటు వైపు చేయాల్సిన పనీ ఉంది. ఒకటి ఇంకోదాన్ని కొట్టేయదు, రెండూ నిజమే.

షాపు మొత్తానికి చూద్దాం. నెలకి ఐదు కొత్త ఏఎంసీలు, అన్నీ ఒకటో తారీఖున మొదలైనట్టు అనుకోండి. ఏడాదికి అరవై, వచ్చింది 2,16,000. ఏప్రిల్లో మొదలైనవాటికి మార్చి 31 నాటికి ఏమీ మిగలదు, మే వాటికి ఒక నెల, జూన్ వాటికి రెండు, అలా పెరుగుతూ మార్చి వాటికి పదకొండు నెలలు మిగులుతాయి. అన్నీ కూడితే 330 నెలలు, నెలకి 300 చొప్పున 99,000. దాదాపు సగం! ఇది చూసి ఓనర్లు ఉలిక్కిపడతారు, లక్ష రూపాయల లాభం ఎవరో కోసేసినట్టు.

అప్పుడు ఈ విషయం చెప్పాలి, చాలామంది దీన్ని మర్చిపోతారు. ఈ 99,000 ఎక్కడికీ పోలేదు, వచ్చే ఏడాది ఆదాయంలోకి వస్తుంది. వచ్చే ఏడాది చివర కూడా అంతే మొత్తం పక్కన పెడితే, వచ్చేదీ పోయేదీ సమానం, లాభం మీద తేడా ఉండదు. దెబ్బ కనిపించేది ఈ పద్ధతి మొదలుపెట్టిన మొదటి ఏడాదే. ఆ తర్వాత ఏఎంసీలు పెరిగితే పెరిగినంత మేరకే ఆదాయం ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది. మామయ్య షీట్‌లో పోయిన సంవత్సరం కాలమ్ చూడండి. ఆ లైన్ అక్కడ ఖాళీగా ఉంటే మొదటిసారి వేశారన్నమాట. అప్పుడు పాత ఏఎంసీల సంగతి ఏం చేశారని ఆడిటర్‌ని తప్పకుండా అడగండి.

జీతాల వైపు కూడా ఇలాంటి చిక్కే ఉంది. పోయిన ఏడాది మార్చి జీతం ఈ ఏప్రిల్లో కట్టినప్పుడు ఈ ఏడాది ఖర్చులో పడి ఉంటుంది. ఇప్పుడు ఈ మార్చి జీతం కూడా కలిపితే లాభనష్టాల ఖాతాలో పదమూడు నెలల జీతం తేలుతుంది. కనిపెట్టడం తేలిక: జీతం ఖర్చుని 39,000తో భాగించండి. పనివాళ్లూ జీతాలూ మారకపోతే 12 రావాలి. 13 వస్తే ఒక నెల జీతం అదనంగా పడింది. అద్దెకీ ఇదే లెక్క. చాలా షాపుల్లో ఏప్రిల్ 5న జీతం ఇచ్చినప్పుడు లెక్కలు రాసే కుర్రాడు అలవాటుగా మళ్లీ ఖర్చులోకే కొట్టేస్తాడు. టాలీలో ఇలా ఉండాలి:

```
31-Mar  Journal (F7)
  Dr  Salaries         39,000
  Cr  Salary Payable   39,000

05-Apr  Payment (F5)
  Dr  Salary Payable   39,000
  Cr  Bank             39,000
```

రెండో ఎంట్రీ అయ్యాక `Salary Payable` సున్నా కావాలి. ఏప్రిల్ నెలాఖరుకి కూడా 39,000 అలాగే నిలబడి ఉంటే తప్పు జరిగినట్టే. ఆ లెడ్జర్‌ని `Current Liabilities` కింద పెట్టండి, alias దగ్గర "ఇవ్వాల్సిన జీతాలు" అని రాసుకుంటే మామయ్య కూడా గుర్తుపడతారు.

జీఎస్టీ గురించి ఒక హెచ్చరిక. ఆదాయాన్ని నెలలవారీ పంచుకున్నాం కదా అని జీఎస్టీని కూడా పంచి కట్టకూడదు. సర్వీసుకి బిల్లు ఇవ్వడం, డబ్బు తీసుకోవడం, వీటిలో ఏది ముందైతే అప్పుడే మొత్తం పన్ను లెక్కలోకి వస్తుంది. డిసెంబర్‌లో తీసుకుంటే 648 మొత్తం డిసెంబర్ రిటర్న్‌లోనే చూపాలి. దాంతో మొదటి ఏడాది రిటర్నుల్లో ఏఎంసీల మొత్తం 2,16,000 ఉంటుంది, లాభనష్టాల ఖాతాలో 1,17,000 ఉంటుంది. బ్యాంకులో ఈ రెండూ పక్కపక్కన పెట్టి అడుగుతారు. తేడా 99,000 ఎందుకో చెప్పే కాగితం ఫైల్లో ముందే పెట్టుకోండి.

ఆ కాగితం కోసం ఏఎంసీ రిజిస్టర్ చాలు: మొదలైన తేదీ, జీఎస్టీ తీసేసిన మొత్తం, మార్చి 31కి మిగిలిన నెలలు, వాటి డబ్బు. ఏడాదికి మూడు సర్వీసులు అని లెక్కపెట్టి అమ్మే షాపైతే నెలల బదులు మిగిలిన సర్వీసులతో లెక్కేయొచ్చు. కానీ ఏటా పద్ధతి మార్చకండి, రెండు సంవత్సరాలు పోల్చి చూడ్డానికి కుదరదు.

కొత్త మెషీన్ బుకింగ్‌కి తీసుకున్న అడ్వాన్స్‌ని ఈ ఏఎంసీ లైన్లో కలపకండి. దాన్ని కస్టమర్ల అడ్వాన్స్ అని విడిగా చూపిస్తే మెషీన్ ఇచ్చిన రోజు బిల్లుతో తేలిపోతుంది. షాపులో నీళ్ల క్యాన్ల వ్యాపారం కూడా ఉంటే, ఖాళీ క్యాన్‌కి తీసుకున్న డిపాజిట్ అసలు ఆదాయమే కాదు, క్యాన్ తెచ్చిస్తే వెనక్కి ఇచ్చేదే. ఇంకోటి, పుస్తకాలు పూర్తిగా నగదు పద్ధతిలో, అంటే డబ్బు వచ్చినప్పుడూ పోయినప్పుడూ మాత్రమే రాసే షాపుకి ఈ రెండు లైన్లూ ఉండవు. మామయ్య షీట్‌లో ఉన్నాయంటే ఆడిటర్ ఆ పద్ధతిలో రాయలేదన్నమాట.

బ్యాంకుకి వెళ్లేటప్పుడు షీట్ ఒక్కటే ఇవ్వకుండా ఏఎంసీ రిజిస్టర్ కాపీ, ఏప్రిల్లో జీతాలూ కరెంటు బిల్లూ కట్టిన స్టేట్‌మెంట్ పేజీ జత చేయండి. ఏడాదిలోపు ఇవ్వాల్సిన వైపు దాదాపు లక్షన్నర పెరిగింది కాబట్టి, ఏడాదిలోపు చేతికొచ్చేవాటిని ఏడాదిలోపు ఇవ్వాల్సినవాటితో భాగించి చూసే కరెంట్ రేషియో తగ్గి కనిపిస్తుంది, మేనేజర్ అడుగుతాడు. అందులో 99,000 డబ్బు రూపంలో తిరిగి కట్టాల్సింది కాదు, ఫిల్టర్లు మార్చి, టెక్నీషియన్‌ని పంపి తీర్చేదని మామయ్యే స్వయంగా చెబితే మంచిది. దానికి అయ్యే ఫిల్టర్ల ఖర్చు ఎంతో కూడా ఒక అంచనా చేతిలో పెట్టుకోమనండి, తర్వాత అడిగేది అదే.