రెప్పల టేపా, ఆపరేషనా: గాజులు తాకట్టు పెట్టే ముందు చూసుకోవలసిన లెక్క

ప్రశ్న: మాది పాలకొల్లు. నా వయసు 49, టైలరింగ్ షాపు నడుపుతున్నాను. పైరెప్పలు బరువెక్కి వాలిపోవడంతో రెండేళ్లుగా టేపు, గమ్ము అంటించుకుంటున్నాను. నెలకు రూ. 500 అవుతోంది. ఆపరేషన్‌కు రూ. 60,000, పైన జీఎస్టీ అన్నారు. నూటికి రూపాయి వడ్డీకి గాజులు తాకట్టు పెట్టి చేయించుకోవచ్చా? ఆరోగ్య బీమా ఉంది. రెప్ప మీద మడత లేని మా అమ్మాయి (22) కూడా చేయించుకుంటానంటోంది.

జవాబు: గాజులు ఇప్పుడే బయటకు తీయవద్దు. 18 శాతం జీఎస్టీతో మీ బిల్లు రూ. 70,800 అవుతుంది. మీరు చెప్పిన వడ్డీ ప్రకారం దానిపై ఏడాదికి దాదాపు రూ. 8,500 కట్టాలి, టేపు, గమ్ములకు మీరు పెడుతున్నది ఏడాదికి రూ. 6,000. అసలులో ఒక్క రూపాయి తీరకముందే, మానుకోవాలనుకున్న ఖర్చును మించిన ఖర్చు నెత్తిన పడుతుంది. కుట్లు విప్పి వాపు తగ్గేదాకా, సుమారు రెండు వారాలు, మిషను ముందు కూర్చోలేరు కనుక ఆ రాబడినీ లెక్కలో వేసుకోవాలి.

అంతకంటే ముందు, ఆ బిల్లులో జీఎస్టీ ఎందుకు ఉందో అడగండి. అందం కోసం చేసే శస్త్రచికిత్సకు ఆ పన్ను పడుతుంది, జబ్బుకు చేసే చికిత్సకు పడదు. అంటే మీ రెప్పలను ఆ ఆసుపత్రి అందానికి సంబంధించిన సమస్యగానే రాసుకుంది. అదే కాగితం బీమా సంస్థకు వెళితే, సౌందర్య చికిత్సలకు ఉండే మినహాయింపు కింద క్లెయిము తిరస్కరిస్తారు. ప్రత్యక్షమైన ఆరోగ్య ముప్పును తొలగించడానికి ఆ చికిత్స అవసరమని వైద్యుడు ధ్రువీకరించిన సందర్భానికి మాత్రం ఆ నిబంధనలోనే సడలింపు ఉంది.

మీ రెప్పలు చూపుకు అడ్డు వస్తున్నాయా అన్నది ఫీల్డ్ టెస్ట్ తేలుస్తుంది. రెప్పను సహజంగా వదిలి ఒకసారి, ప్లాస్టరుతో పైకెత్తి మరోసారి చేస్తారు. రెండింటికీ మధ్య పైవైపు చూపులో కనిపించే తేడాయే మీ క్లెయిముకు ఆధారం. నిటారుగా, పక్క నుంచి తీసిన ఫొటోలు కూడా జత చేయాలి. పరీక్షకు కొన్ని రోజుల ముందే టేపు మానేయండి, లేకపోతే అసలు వాలు కనిపించదు. రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో, కనురెప్పల శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ ఉన్న కంటి వైద్యుడికి చూపించుకుంటే ఆ ఖర్చు వృథా కాదు.

ఆ వైద్యుడు తేల్చవలసింది మరొకటి ఉంది. నుదురు సడలించి అద్దంలో చూసినప్పుడు, సాగిన చర్మం వెంట్రుకల మీదికి వేలాడుతుంటే అదనపు చర్మం తీస్తే సరిపోతుంది. రెప్ప అంచే కిందికి దిగి కంటిపాపను కప్పుతుంటే లోపం రెప్పను ఎత్తే కండరానిది, దానికి వేరే ఆపరేషన్ కావాలి. చర్మం మాత్రమే కత్తిరిస్తే మీ డబ్బు పోయి వాలు అలాగే ఉంటుంది. ఉదయం బాగుండి సాయంత్రానికి వాలడం, వస్తువులు రెండుగా కనిపించడం ఉంటే కండరాల బలహీనత జబ్బుకు ముందు పరీక్షలు జరగాలి. హఠాత్తుగా ఒక్క కన్నే వాలితే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

బీమా సంస్థ నుంచి ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. పాలసీ తీసుకునేనాటికే ఈ సమస్య ఉంటే, ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ ఉండవచ్చు. అనుమతి రాకపోతే, బ్యాంకు రికరింగ్ డిపాజిట్లో నెలకు రూ. 3,500 వేస్తే 20 నెలల్లో రూ. 70,000 చేరుతుంది. పెళ్లిళ్లు లేక కుట్టుపని తగ్గే ఆషాఢంలో ఆపరేషన్ పెట్టుకుంటే రాబడి నష్టమూ తక్కువ.

అంతవరకు టేపు వాడవచ్చు కానీ, గమ్ము విషయంలో నాకు అనుమానమే. మన డెల్టా ఉక్కలో చెమటకు అంటు నిలవక రోజుకు రెండుమూడు సార్లు పూస్తే నెల ఖర్చు రెట్టింపవుతుంది, పైగా కొన్ని గమ్ముల్లో ఉండే రబ్బరు పాలు పడని వారికి దురద, పొక్కులు వస్తాయి. రెప్ప పూర్తిగా మూసుకోక కన్ను పొడిబారుతుంది. రోజూ లాగి ఊడదీస్తే సాగిన చర్మం ఇంకా సాగుతుంది, కనుక రాత్రి నూనెతో నానబెట్టి మెల్లగా తీయండి.

మీ అమ్మాయిది వేరే లెక్క. ఆమెకు మడత లేకపోవడం జబ్బు కాదు కనుక బీమా రాదు, జీఎస్టీ తప్పదు. కుట్లతో మాత్రమే మడత వేసే పద్ధతిలో కొన్నేళ్లకు అది విడిపోయే అవకాశముంది, కోసి చేసేది ఎక్కువ కాలం నిలుస్తుంది కానీ మచ్చ పడుతుంది, వెనక్కి తీసుకోవడం కష్టం. మడత ఏ ఎత్తులో ఉంటే తనకు నప్పుతుందో టేపుతో ముందే చూసుకోవచ్చు. పెళ్లిళ్లకు, ఫొటోలకు మాత్రమే వాడితే ఒక ప్యాకెట్టు చాలాకాలం వస్తుంది. శస్త్రచికిత్స ఆలోచన ఆమె సొంత జీతం మొదలయ్యాక, ఆమె డబ్బుతోనే చేయనివ్వండి.