గడువు తీరిన రివార్డు పాయింట్లు తిరిగొస్తాయా?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నా క్రెడిట్ కార్డులో 18,400 పాయింట్లు ఉండేవి. మిక్సీ తీసుకుందామని మొన్న చూస్తే 6,200 మాత్రమే ఉన్నాయి. మిగతావి ఎక్స్‌పైర్ అయ్యాయంటున్నారు. ఒక్క మెసేజ్ కూడా రాలేదు. కేసు వేయవచ్చా? ఉన్నవాటితో మిక్సీ తీసుకోవడం లాభమేనా?

జవాబు: అమ్మా, మీరు పంపిన షరతుల కాగితం, మూడు స్టేట్‌మెంట్లు చదివాను. మీ కార్డుకు ప్రతి 150 రూపాయల ఖర్చుకు 4 పాయింట్లు, ఒక్కో పాయింటు విలువ 25 పైసలు. అంటే 150 రూపాయలు ఖర్చు పెడితే మీకు దక్కేది ఒక రూపాయి. పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో వేసుకున్న డబ్బుకు పాయింట్లు లేవు. ఈ లెక్కన పోయిన 12,200 పాయింట్ల విలువ 3,050 రూపాయలు.

పాయింట్లు బ్యాంకులో దాచుకున్న డబ్బు కావు. షరతుల మీద ఇచ్చే ప్రయోజనం. కాబట్టి గడువు పెట్టడం తప్పని వాదిస్తే నిలవదు. ఆ గడువును తన షరతుల ప్రకారమే లెక్కగట్టిందా అని బ్యాంకును నిలదీయవచ్చు, మీ విషయంలో నాకు అనుమానం కలిగింది అక్కడే.

షరతుల్లో 'సంపాదించిన నెల నుంచి 24 నెలలు' అని ఉంది. అంటే ప్రతి నెల పాయింట్లకూ దేని గడువు దానిదే. మీరు నెలకు సుమారు 500 పాయింట్లు సంపాదిస్తున్నారు. అలాంటప్పుడు ఏ నెలలోనైనా రెండేళ్ల కిందటి ఒక్క నెలవే, అంటే ఓ ఐదొందలో ఆరొందలో పోవాలి. మీ మార్చి స్టేట్‌మెంటులో, రివార్డుల పట్టికలో, 'లాప్స్‌డ్' అన్న గడిలో ఒకేసారి 12,200 ఉంది. అయితే లెక్క తప్పింది, లేదా మధ్యలో స్కీమ్ మార్చారు. గత 24 నెలల స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చేసుకుని 'ఎర్న్‌డ్' గడిలోని అంకెలు కూడండి. ఈ రెండేళ్లలో మీరు పాయింట్లు వాడుకోలేదు కాబట్టి ఆ మొత్తం 6,200 దాటితే, తేడా మీకు రావాల్సిందే.

మెసేజ్ రాలేదన్న వాదన ఒక్కటే పట్టుకోకండి. చిత్తూరులో నా దగ్గరకు వచ్చిన ఒక మామిడి మండీ వ్యాపారిదీ ఇదే మాట. బ్యాంకు తరఫు వకీలు ఒక్క కాగితం చూపించారు: ఆయన ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన పాత ఈమెయిల్‌కు నోటీసు వెళ్లిన రుజువు. దాంతో మా వాదన బలం సగం పోయింది. ముందు మీ కార్డులో నమోదైన ఈమెయిల్, ఫోన్ నంబరు ఏవో చూసుకోండి.

తర్వాత బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టండి. 'నెలవారీగా ఎన్ని పాయింట్లు ఇచ్చారు, ఏ తేదీన ఏవి ఎందుకు తీసేశారు, స్కీమ్ మారితే నాకు ఎప్పుడు ఎలా తెలియజేశారు' అని అడిగితే చాలు. ఫిర్యాదు నంబరు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. బ్యాంకు వ్యాపార నిర్ణయాల్లో అంబుడ్స్‌మన్ తలదూర్చరు. అందుకని 'స్కీమ్ అన్యాయం' అని రాస్తే తిరగ్గొట్టే వీలుంది. 'మీ షరతుకు విరుద్ధంగా నా పాయింట్లు తీసేశారు' అని రాయండి.

అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, బ్యాంకు హెడ్డాఫీసు ఎక్కడున్నా సరే. ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు, గడువు రెండేళ్లు. అయినా మూడు వేల రూపాయల కోసం వాయిదాల చుట్టూ తిరగమని నేను చెప్పను. చాలావరకు మెయిల్ దగ్గరే తేలిపోయే లెక్క ఇది.

ఇక మిక్సీ సంగతి. బ్యాంకు క్యాటలాగులో దానికి 6,200 పాయింట్లతో పాటు 1,400 రూపాయలు కట్టాలి. పైగా రిడెంప్షన్ ఫీజు 99, జీఎస్టీతో దాదాపు 117. అదే మోడల్ గాంధీ రోడ్డులో 2,500కు దొరుకుతోందని మీరే రాశారు. అంటే మీ 6,200 పాయింట్లకు కలిసొచ్చేది 983 రూపాయలు, పాయింటుకు 16 పైసలు. అదే షాపింగ్ వోచర్ తీసుకుంటే 1,550లో ఫీజు పోను 1,433 మిగులుతుంది. మీరు మామూలుగా సరుకులు కొనే షాపు వోచరే తీసుకోండి. లేకపోతే అదే ఒక అదనపు ఖర్చవుతుంది. బిల్లులో జమ చేయించుకుంటే మీ షరతుల ప్రకారం పాయింటుకు 20 పైసలే, పైగా ఆ జమను మినిమమ్ డ్యూ కట్టినట్టు లెక్కించరు. దాన్ని నమ్ముకుని బిల్లు ఆపితే లేట్ ఫీజు పడుతుంది.

కోపంతో కార్డు మూసేద్దామని కూడా రాశారు. బకాయి లేకపోతే అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మీకు చెల్లించాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. అయితే మీ షరతుల ప్రకారం కార్డు మూసిన రోజే మిగిలిన పాయింట్లూ పోతాయి. ముందు 24 నెలల స్టేట్‌మెంట్లు దించుకోండి, 6,200కు వోచర్ తీసుకోండి. పోయినవాటి లెక్క తేలాకే మూసివేత దరఖాస్తు పెట్టండి.