ఒకే ఫేజు మీద భారం పడితే

పర్లాకిమిడిలో మాది మూడు వాటాల ఇల్లు, వాటాకో ఫేజు. సాయంత్రమైతే కింది వాటాలో దీపాలు మసకబారుతున్నాయి, న్యూట్రల్ తీగ వేడెక్కుతోంది. ఎందుకు?

లోడు ఎక్కువగా ఒకే ఫేజు మీద పడటం వల్ల. మూడు ఫేజుల్లో కరెంటు సమానంగా ఉంటే న్యూట్రల్ దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. తేడా వస్తే ఆ మిగులును న్యూట్రలే మోయాలి. కింది వాటాలో ఏసీ, గీజరు, మోటారు కలిసి 30 ఆంపియర్లు, పై వాటాలు చెరి 10 తీసుకుంటే న్యూట్రల్‌లో దాదాపు 20 ఆంపియర్లు పారతాయి. భారమున్న ఫేజులో వోల్టేజి తగ్గి దీపాలు మసకబారతాయి.

న్యూట్రల్‌లో కరెంటు ఉండదనుకుని సన్నని తీగ వేయడం చాలామంది చేసే పొరపాటు. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ 20 ఆంపియర్లకు చాలదు. స్క్రూ దగ్గర తొడుగు నల్లబడిందా, కింద మసకబారినప్పుడు పైన దీపాలు మరీ వెలుగుతున్నాయా? అయితే న్యూట్రల్ అతుకు వదులైనట్టే. అది పూర్తిగా ఊడితే పై వాటాల టీవీలు కాలిపోవచ్చు, కాబట్టి ఆలస్యం చేయకుండా మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.